నాన్నగారి ఫ్యాక్టరీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది, జీతం బాకీ బ్యాంకు అప్పు కంటే ముందు వస్తుందా?

వసుధ_దాసరహళ్లి | సోమవారం, రాత్రి 9.40

అందరికీ నమస్కారం. మాది మదనపల్లె దగ్గర పల్లె. నాన్నగారు పీణ్య పారిశ్రామికవాడలో యంత్రాల విడిభాగాలు చేసే ఒక ఫ్యాక్టరీలో పందొమ్మిదేళ్లుగా లేత్ ఆపరేటరు. నెలకు 22,000. పోయిన ఆగస్టు నుంచి జీతాలు ఆగిపోయాయి. ఆర్డర్లు వస్తున్నాయి, వచ్చే నెల ఇచ్చేస్తామని యజమాని చెబుతూ వచ్చారు. ఫిబ్రవరి ఆఖరు వరకు అందరూ పని చేశారు. మార్చి ఒకటో తేదీ పొద్దున వెళ్లేసరికి గేటుకు తాళం.

ఇప్పుడు కంపెనీల దివాలా కేసులు చూసే బెంగళూరు ఎన్‌సీఎల్‌టీలో బ్యాంకు వేసిన కేసును స్వీకరించారట. కన్నడ పత్రికలో చిన్న ప్రకటన వచ్చింది. బాకీ రావలసినవాళ్లు ఈ శుక్రవారంలోగా క్లెయిమ్ పంపాలని అందులో ఉంది. నాన్నగారితో పనిచేసినవాళ్లలో సగం మంది ఇంకా ఆ ప్రకటన చూడనే లేదు. చూసినవాళ్లు కూడా "బ్యాంకువాళ్లు తీసుకున్నాక మిగిలితే కదా మనకు" అంటున్నారు.

నేను అడగదలచింది ఒకటే. చట్టంలో కార్మికుడి జీతం బ్యాంకు అప్పు కంటే ముందా, వెనకా? ఏడు నెలల జీతం 1,54,000 రావాలి. గ్రాట్యుటీ వేరే. పీఎఫ్ కోత జీతం చీటీలో కనబడుతోంది కానీ జమ అయినట్టు లేదు.

శేషాద్రి_జాలహళ్లి | సోమవారం, రాత్రి 10.15

అమ్మా వసుధా, మీ నాన్నగారికి ధైర్యం చెప్పు. ముప్పై ఏళ్లు యూనియన్‌లో పనిచేసినవాణ్ణి, చెబుతున్నాను విను. కంపెనీ మూతపడితే కార్మికుడిదే మొదటి హక్కు. బ్యాంకు, ప్రభుత్వం, సరుకు ఇచ్చినవాళ్లు అందరూ ఆ తరువాతే. కంపెనీల చట్టంలో ఈ మాట పెట్టించుకోవడానికి అప్పట్లో ఎంత పోరాడామో నాకు తెలుసు. లేబర్ కోర్టుకు వెళ్లి రికవరీ ఉత్తర్వు తెచ్చుకోండి. కలెక్టరు ద్వారా వసూలు చేయించవచ్చు.

నరేంద్ర_హెచ్ఎస్ఆర్ | సోమవారం, రాత్రి 10.50

నాదీ ఇదే పరిస్థితి. హెచ్ఎస్ఆర్ లేఅవుట్‌లో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఏప్రిల్‌లో ఒక ఈమెయిల్ పంపి మూసేశారు. మూడు నెలల జీతం నాలుగు లక్షల పైన రావాలి. నోటీసు కాలపు జీతం కూడా ఇవ్వలేదు. నేను కూడా శుక్రవారంలోగా ఆ క్లెయిమ్ పంపాలా? ఎవరికి పంపాలి?

మాధవి_ఎం | మంగళవారం, ఉదయం 7.20

వసుధ గారూ, నేను బెంగళూరులో ఒక రిజల్యూషన్ ప్రొఫెషనల్ దగ్గర క్లెయిములు పరిశీలించే పని చేస్తాను. దివాలా కేసులో కంపెనీ బాధ్యతలు చూడటానికి ఎన్‌సీఎల్‌టీ నియమించే వ్యక్తిని అలా అంటారు. మీ కేసుతో మాకు సంబంధం లేదు కాబట్టి స్వేచ్ఛగా రాస్తున్నాను.

శేషాద్రి గారు చెప్పినదాంట్లో సగం నిజం. కార్మికుడు ప్రభుత్వ పన్నుల కంటే ముందు, సరుకు ఇచ్చినవాళ్ల కంటే ముందు, తాకట్టు లేకుండా అప్పిచ్చినవాళ్ల కంటే కూడా ముందు. కానీ తాకట్టు ఉన్న బ్యాంకు కంటే ముందు కాదు. బ్యాంకుతో సమానం. 2016 దివాలా స్మృతిలో 53వ సెక్షన్ ఈ వరుస చెబుతుంది. అన్నిటికంటే పైన దివాలా ప్రక్రియకు అయిన ఖర్చులు. వాటి కింద ఒకే మెట్టు మీద ఇద్దరు ఉంటారు. ఒకరు కార్మికులు, గడచిన 24 నెలల బాకీతో. రెండోవారు తమ తాకట్టు ఆస్తిని ఉమ్మడి రాశిలో కలపడానికి ఒప్పుకున్న బ్యాంకులు. కార్మికుల కోవలోకి రాని మిగతా ఉద్యోగులది వాళ్ల కింది మెట్టు, అదీ 12 నెలలకే.

సమానం అనగానే చెరి సగం అనుకుంటారు. అలా కాదు, ఎవరి బాకీ ఎంతో దాని దామాషాలో పంచుతారు. ఊహించిన అంకెలతో చూపిస్తాను. ఫ్యాక్టరీ స్థలం, యంత్రాలు అన్నీ అమ్మితే 9 కోట్లు వచ్చాయనుకోండి. కోటి రూపాయలు ఖర్చులకు పోయింది, 8 కోట్లు మిగిలాయి. కార్మికులందరి బాకీ కలిపి 2 కోట్లు, బ్యాంకు అప్పు 30 కోట్లు. మొత్తం 32 కోట్ల బాకీకి 8 కోట్లే ఉన్నాయి కాబట్టి రూపాయికి పావలా. కార్మికులకు 50 లక్షలు, బ్యాంకుకు ఏడున్నర కోట్లు. ఈ లెక్కన మీ నాన్నగారి 1,54,000కు 38,500 వస్తాయి.

మీ నాన్నగారి తోటివాళ్లు "బ్యాంకువాళ్లు తీసుకున్నాక" అనడం తప్పే. వాళ్లు తీసుకునేటప్పుడే మీరూ తీసుకుంటారు. కాకపోతే వాళ్ల పళ్లెం చాలా పెద్దది.

లేబర్ కోర్టు మాట ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ఎన్‌సీఎల్‌టీ కేసును స్వీకరించిన రోజు నుంచి మారటోరియం ఉంటుంది. కంపెనీ మీద దావాలు కానీ వసూలు ఉత్తర్వులు కానీ ముందుకు సాగవు. ఈ వారం మీరు చేయవలసింది క్లెయిమ్ పంపడమే.

శేషాద్రి_జాలహళ్లి | మంగళవారం, ఉదయం 8.05

సమానం అంటే 30 కోట్ల వాడి పక్కన 2 కోట్ల వాణ్ణి కూర్చోబెట్టడమా? బ్యాంకు ఇంకో వంద మందికి అప్పిచ్చి పూడ్చుకుంటుంది. ఏడు నెలలు ఒళ్లు వంచినవాడు దేనితో పూడ్చుకుంటాడు? చట్టం మీరు చెప్పినట్టే ఉండవచ్చు. న్యాయం అయితే అది కాదు.

మాధవి_ఎం | మంగళవారం, ఉదయం 8.30

మీ ఆవేదనతో నాకు విభేదం లేదు. ఈ వరుస రాజ్యాంగబద్ధం కాదని కార్మిక సంఘం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మోజర్ బేర్ కార్మికుల కేసు అది. 2023 మేలో కోర్టు ఈ ఏర్పాటును సమర్థించింది. కాబట్టి వసుధ గారి నాన్నగారికి ఈ వరుసలోనే ఎంత ఎక్కువ రాబట్టవచ్చో చూడాలి.

నరేంద్ర గారూ, మీది వేరే విషయం. మీ కంపెనీ మీద ఎవరైనా ఎన్‌సీఎల్‌టీలో కేసు వేశారా? వేయకపోతే అక్కడ క్లెయిమ్ పంపడానికి ఎవరూ లేరు, ఈ వరుసా లేదు. ముందు అది తెలుసుకోండి. ibbi.gov.in లో బహిరంగ ప్రకటనల జాబితా ఉంటుంది, కంపెనీ పేరుతో వెతకవచ్చు.

ఇమ్రాన్_పీణ్య | మంగళవారం, మధ్యాహ్నం 1.10

వసుధ గారు చెబుతున్న ఫ్యాక్టరీ ఏదో నాకు అర్థమైంది. నేనూ అక్కడే పనిచేశాను, పేరు రాయను. నా హోదా షిఫ్ట్ సూపర్‌వైజర్, జీతం 34,000. నాకూ ఏడు నెలలు రావాలి, అంటే 2,38,000. మాధవి గారు చెప్పిన లెక్కలో నాకు ఎంత వస్తుంది?

మాధవి_ఎం | మంగళవారం, మధ్యాహ్నం 2.00

ఇమ్రాన్ గారూ, చెప్పడానికి కష్టంగా ఉంది. మిమ్మల్ని కార్మికుడిగా కాక మామూలు ఉద్యోగిగా లెక్కిస్తే ఆ ఉదాహరణలో మీకు వచ్చేది సున్నా. పై మెట్టు మీదివాళ్లకు రూపాయికి రూపాయి దక్కితేనే కింది మెట్టుకు డబ్బు దిగుతుంది. 32 కోట్లలో 8 కోట్ల దగ్గరే ఆగిపోయింది కదా.

అందుకే మీరు ఏ కోవలోకి వస్తారన్నది మీకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న. కార్మికుడు అంటే ఎవరో దివాలా స్మృతి తాను చెప్పదు, పారిశ్రామిక వివాదాల చట్టం నిర్వచనాన్నే తీసుకుంది. శారీరక శ్రమ, నైపుణ్యం గల పని, సాంకేతిక పని, గుమాస్తా పని చేసేవాళ్లు అందులోకి వస్తారు, జీతం ఎంతైనా సరే. నిర్వహణ పనిలో ఉన్నవాళ్లు రారు. పర్యవేక్షణ పనిలో ఉంటే మాత్రం జీతం పరిమితి ఉంది. పాత చట్టంలో నెలకు 10,000, 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన కొత్త పారిశ్రామిక సంబంధాల స్మృతిలో 18,000. ఏది చూసినా మీ 34,000 దాటిపోతుంది.

అయితే కోర్టులు చూసేది హోదా పేరును కాదు, రోజంతా చేసిన అసలు పనిని. మీరు రోజూ ఏమి చేసేవారు?

ఇమ్రాన్_పీణ్య | మంగళవారం, సాయంత్రం 6.45

పేరుకే సూపర్‌వైజరును. ఎనిమిది గంటల్లో ఆరు గంటలు మిల్లింగ్ యంత్రం మీదే ఉండేవాణ్ణి. మనుషులు తగ్గిపోయాక రెండు యంత్రాలు నేనే నడిపాను. సెలవు మంజూరు చేసే అధికారం నాకు లేదు, ఎవరినీ పనిలోకి తీసుకోలేదు, తీసేయలేదు. షిఫ్ట్ మొదట్లో పని పంచి, చివర్లో లెక్క రాసేవాణ్ణి. ఏ పని ఎవరు చేశారో రాసే ఫ్యాక్టరీ జాబ్ కార్డుల మీద ఆపరేటరు గడిలో నా సంతకమే ఉంటుంది. కొన్నిటి ఫోటోలు నా ఫోనులో ఉన్నాయి.

అడ్వకేట్_భార్గవి | మంగళవారం, రాత్రి 8.30

ఇమ్రాన్ గారూ, ఆ ఫోటోలను జాగ్రత్తగా దాచుకోండి. నేను కార్మిక కేసులు వాదిస్తాను. మీ పరిస్థితి మా దగ్గరకు తరచుగా వస్తుంది. పని పంచి లెక్క రాయడం కొంత పర్యవేక్షణే. కానీ ప్రధానంగా చేసింది యంత్రం పని అని చూపగలిగితే కార్మికుడేనని వాదించడానికి మంచి ఆధారం ఉంటుంది. క్లెయిమ్ పత్రంలోనే "నేను కార్మికుణ్ణి" అని స్పష్టంగా రాసి, జాబ్ కార్డులు జతచేయండి. మొదట ఉద్యోగి అని రాసి తరువాత మార్చుకోవడం కష్టం, మీ మాటే మీకు అడ్డు వస్తుంది.

ఒప్పుకుంటారో లేదో నేను హామీ ఇవ్వలేను. రిజల్యూషన్ ప్రొఫెషనల్ కంపెనీ జీతాల రిజిస్టరు చూస్తారు, అందులో మీ పేరు సిబ్బంది జాబితాలో ఉంటుంది. ఒప్పుకోకపోతే ఎన్‌సీఎల్‌టీకి దరఖాస్తు పెట్టుకోవాలి.

మాధవి గారు చెప్పని విషయం ఒకటి ఉంది, వసుధ గారికి అది ముఖ్యం. 24 నెలలు అన్నారు కదా. ఎప్పటి నుంచి వెనక్కి? చాలామంది ఫ్యాక్టరీ మూసిన రోజు నుంచి అనుకుంటారు. కాదు, లిక్విడేషన్ ఉత్తర్వు, అంటే కంపెనీ ఆస్తులు అమ్మి పంచమనే ఉత్తర్వు, వచ్చిన రోజు నుంచి. ఇప్పుడు మొదలైంది లిక్విడేషన్ కాదు. కంపెనీని కొనేవాళ్లు ఎవరైనా ఉన్నారా అని వెతికే దశ. దీనికి చట్టం 180 రోజులు ఇచ్చింది, పొడిగింపులు కలిపితే 330 రోజులు. నిజానికి అంతకంటే ఎక్కువే పడుతోంది. ఎవరూ రాకపోతే అప్పుడు లిక్విడేషన్ ఉత్తర్వు వస్తుంది.

నాన్నగారి బాకీ పోయిన ఆగస్టులో మొదలైంది. లిక్విడేషన్ ఉత్తర్వు అప్పటి నుంచి సరిగ్గా రెండేళ్లలోపు వస్తే ఏడు నెలలూ లెక్కలో ఉంటాయి. ఆ తరువాత ప్రతి నెల ఆలస్యానికి ముందువైపు నుంచి ఒక నెల జీతం రాలిపోతుంది. ఆరు నెలలు ఆలస్యమైతే ఆగస్టు నుంచి జనవరి వరకు ఆరు నెలల బాకీ కింది మెట్లలోకి, మిగిలిన అప్పుల గుంపులోకి పడిపోతుంది. ఫిబ్రవరి ఒక్కటే బ్యాంకు పక్కన నిలుస్తుంది. కార్మికుడు ఏ తప్పూ చేయకుండా, ట్రిబ్యునల్ ఆలస్యం వల్లే అతని వరుస మారిపోతుంది. ఈ చట్టంలో నన్ను ఎక్కువగా బాధించేది ఇదే.

వసుధ_దాసరహళ్లి | మంగళవారం, రాత్రి 10.20

చదువుతుంటే చేతులు చల్లబడుతున్నాయి. నాన్నగారికి ఇంకా చెప్పలేదు. కొనేవాళ్లు ఎవరైనా వస్తే మాత్రం జీతాలు పూర్తిగా ఇస్తారా?

మాధవి_ఎం | బుధవారం, ఉదయం 7.10

పూర్తిగా ఇవ్వాలన్న నియమం లేదు. కంపెనీని అమ్మేస్తే 53వ సెక్షన్ ప్రకారం మీకు ఎంత వచ్చేదో, కనీసం అంతయినా కొనేవారి ప్రణాళికలో ఉండాలి. ప్రణాళిక మొత్తాన్ని అదే వరుసలో పంచితే ఎక్కువ వస్తే ఆ ఎక్కువే ఇవ్వాలి. అంతకు మించి ఇవ్వడం కొనేవారి ఇష్టం. పాత కార్మికులతోనే ఫ్యాక్టరీ నడపదలచినవాళ్లు కొంచెం ఉదారంగా ఇస్తారు. స్థలం కోసం కొనేవాళ్లు కనీసంతో సరిపెడతారు. ప్రణాళికకు ఓటు వేసేది బ్యాంకులే, కార్మికులకు ఓటు లేదు.

క్లెయిమ్ పంపనివాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. ప్రణాళిక ఆమోదం పొందాక, అందులో లేని బాకీలన్నీ రద్దయినట్టే అని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది. తరువాత వచ్చి "నాకూ రావాలి" అంటే వినేవాళ్లు ఉండరు. లిక్విడేషన్ దాకా వెళితే, కంపెనీ పుస్తకాలను బట్టి, క్లెయిమ్ పంపని కార్మికుడి బాకీని కూడా ఆస్తులు అమ్మి పంచే లిక్విడేటరు ఒప్పుకోవచ్చని నిబంధనల్లో ఉంది. ఒప్పుకోవచ్చు అని మాత్రమే ఉంది, ఒప్పుకుని తీరాలని లేదు. పైగా మూతపడిన కంపెనీల పుస్తకాలు ఎలా ఉంటాయో నేను రోజూ చూస్తున్నాను. ఆఖరి ఆరు నెలలకు జీతాల రిజిస్టరే ఉండదు.

మీరు పంపవలసింది ఫారం డి. ప్రకటనలో ఉన్న ఈమెయిల్‌కు పంపవచ్చు, తపాలాలో కూడా పంపవచ్చు. నియామక పత్రం, దొరికినన్ని జీతం చీటీలు, ఆఖరిసారి జీతం పడిన నెలకు ముందు ఏడాది నుంచి ఇప్పటివరకు బ్యాంకు ఖాతా స్టేట్‌మెంట్, గుర్తింపు కార్డు పెట్టండి. బాకీని ఒకే అంకెగా రాయకండి. ఆగస్టు ఇంత, సెప్టెంబరు ఇంత అని నెలవారీగా విడదీయండి. జీతం, గ్రాట్యుటీ, పీఎఫ్, వాడని సెలవుల డబ్బు వేర్వేరు వరుసల్లో ఉండాలి. అన్నీ కలిపి ఒక మొత్తం రాసిన క్లెయిములు మా బల్ల మీదకు వచ్చినప్పుడు మేము వివరాలు అడుగుతూ ఉత్తరం రాస్తాం. ఆ ఉత్తరం పాత చిరునామాకు వెళుతుంది, జవాబు రాదు.

శుక్రవారం దాటినా దారి పూర్తిగా మూసుకుపోదు. ప్రక్రియ మొదలైన రోజు నుంచి 90 రోజుల వరకు పంపవచ్చు. ప్రణాళికలు ఆహ్వానించే తేదీ అంతకంటే తరువాత అయితే అప్పటివరకు కూడా తీసుకుంటారు, కాకపోతే 90 రోజులు దాటాక ఆలస్యానికి కారణం రాయాలి. మీ నాన్నగారి తోటివాళ్లలో ప్రకటన చూడనివాళ్లకు ఈ మాట చేర్చండి.

లక్ష్మీకాంత్_యశవంతపుర | బుధవారం, ఉదయం 9.45

పీఎఫ్ గురించి ఎవరూ రాయలేదు. నేను కంపెనీలకు పీఎఫ్ లెక్కలు చూసేవాణ్ణి. వసుధ గారూ, నాన్నగారి పీఎఫ్ పాస్‌బుక్ తెరిచి, జీతం చీటీలు పక్కన పెట్టుకుని నెల నెలా సరిచూడండి. ఏ నెల నుంచి జమ ఆగిందో తెలుస్తుంది. సాధారణంగా జీతం ఆగడానికి చాలా ముందే పీఎఫ్ జమ ఆగుతుంది. నేను చూసిన ప్రతి మూసివేతలోనూ మొదటి గుర్తు అదే.

పీఎఫ్ బాకీ ఈ మెట్ల లెక్కలోకి రాదు. పీఎఫ్, పెన్షన్, గ్రాట్యుటీ నిధుల నుంచి కార్మికుడికి రావలసిన డబ్బు కంపెనీ ఆస్తే కాదని దివాలా స్మృతి 36వ సెక్షన్ అంటుంది. పీఎఫ్ చట్టం కూడా ఆ బాకీకి కంపెనీ ఆస్తుల మీద మొదటి హక్కు ఇచ్చింది. శేషాద్రి గారు మొదటి హక్కు అన్నది పీఎఫ్ విషయంలో అక్షరాలా నిజం.

వసుధ_దాసరహళ్లి | బుధవారం, సాయంత్రం 7.30

ఇప్పుడే చూశాను. పద్నాలుగు నెలలుగా జమ లేదు! జీతం ఇచ్చిన నెలల్లో కూడా కోసుకుని కట్టలేదు. నెలకు నాన్నగారి వాటా 1,800, కంపెనీ వాటా 1,800. మొత్తం 50,400. నాన్నగారు చాలాసేపు మాట్లాడలేదు. "జీతం ఇవ్వలేకపోయాడంటే కష్టంలో ఉన్నాడనుకున్నాను, ఇది నా జీతంలోంచే తీసుకున్న డబ్బు కదా" అన్నారు.

లక్ష్మీకాంత్_యశవంతపుర | బుధవారం, రాత్రి 8.15

నాన్నగారు సరిగ్గా అన్నారు. కార్మికుడి వాటా కోసుకుని కట్టకపోవడం నమ్మకద్రోహం కిందకు వచ్చే నేరం. దివాలా ప్రక్రియ వచ్చింది కదా అని ఆ బాధ్యత యజమాని నెత్తి మీద నుంచి దిగిపోదు. ఫారం డిలో ఈ 50,400 చూపండి, దానితో పాటు పీఎఫ్ కార్యాలయానికీ రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. ఆ కార్యాలయం కూడా తన క్లెయిమ్ వేయాలి. వాళ్లు వేస్తారులే అని వదిలేస్తే గడువు దాటిపోయిన సందర్భాలు ఉన్నాయి. జీతం చీటీల నకళ్లు జతచేసి, అందినట్టు ముద్ర వేయించుకోండి.

గంగాధర్_నెలమంగల | బుధవారం, రాత్రి 9.00

నేను కూడా అలాంటి ఫ్యాక్టరీలోనే లోడింగ్ పని చేశాను, కాకపోతే కాంట్రాక్టరు కింద. కాంట్రాక్టరు మాకు మూడు నెలలు ఇవ్వలేదు. కంపెనీ నాకు ఇవ్వలేదు, నేను మీకు ఎక్కడి నుంచి ఇవ్వను అంటున్నాడు. మాకు ఫారం డి వర్తిస్తుందా?

అడ్వకేట్_భార్గవి | బుధవారం, రాత్రి 9.40

గంగాధర్ గారూ, కాంట్రాక్టరు ఇవ్వకపోతే అసలు కంపెనీ ఇవ్వాలని కార్మిక చట్టం చెబుతోంది. ఆ ఆధారంతో క్లెయిమ్ పంపండి, తప్పకుండా పంపండి. కానీ రిజల్యూషన్ ప్రొఫెషనల్‌లు "మీరు మా రికార్డుల్లో లేరు, మీ కాంట్రాక్టరు సరఫరాదారుగా క్లెయిమ్ వేశాడు" అని తిప్పి పంపడం నేను చూశాను. మీ గేటు పాసు, హాజరు చీటీలు ఉన్నాయా? కాంట్రాక్టరు మాత్రం దివాలాలో లేడు కదా, అతని మీద కార్మిక శాఖలో ఫిర్యాదుకు ఏ మారటోరియమూ అడ్డు రాదు. రెండూ చేయండి.

వసుధ గారికి గ్రాట్యుటీ గురించి. అది జీతం కంటే పెద్ద మొత్తం కావచ్చు. నాన్నగారి మూల వేతనం, కరవు భత్యం కలిపి ఎంత?

వసుధ_దాసరహళ్లి | బుధవారం, రాత్రి 10.05

18,200 అండీ.

అడ్వకేట్_భార్గవి | బుధవారం, రాత్రి 10.30

18,200ను 26తో భాగిస్తే రోజుకు 700. పదిహేను రోజులకు 10,500. పందొమ్మిదేళ్లకు 1,99,500. ఇది క్లెయిమ్‌లో విడిగా రాయండి.

లక్ష్మీకాంత్ గారు గ్రాట్యుటీ నిధి కంపెనీ ఆస్తి కాదన్నారు. నిజమే, నిధి అంటూ ఉంటే. కంపెనీ ఎల్ఐసీలోనో వేరే ట్రస్టులోనో గ్రాట్యుటీ డబ్బు విడిగా పెట్టి ఉంటే అది మీదే, బ్యాంకు తాకలేదు. చిన్న ఫ్యాక్టరీల్లో చాలావరకు అలాంటి నిధి ఉండదు. లేనప్పుడు ఏమిటన్నది వివాదం. గ్రాట్యుటీ కార్మికుడి చట్టబద్ధమైన హక్కు, నిధి పెట్టకపోవడం యజమాని తప్పు, ఆ తప్పుకు కార్మికుడు శిక్ష అనుభవించకూడదు. కాబట్టి నిధి లేకపోయినా పూర్తిగా ఇవ్వాలన్నది నా వాదన. జెట్ ఎయిర్‌వేస్ కేసులో 2022 అక్టోబరులో అప్పీలు ట్రిబ్యునల్ పీఎఫ్, గ్రాట్యుటీ పూర్తిగా చెల్లించాలంది. 2023 జనవరిలో సుప్రీంకోర్టు అందులో జోక్యం చేసుకోలేదు.

మాధవి_ఎం | గురువారం, ఉదయం 7.00

భార్గవి గారూ, ఇక్కడ మీతో పూర్తిగా ఏకీభవించలేను. హైదరాబాద్ కంపెనీ ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్ లిక్విడేషన్ కేసులో అదే అప్పీలు ట్రిబ్యునల్ 2020లో వేరేలా చెప్పింది. నిధి లేనప్పుడు లిక్విడేటరు ఎక్కడి నుంచో తెచ్చి గ్రాట్యుటీ ఇవ్వనవసరం లేదంది. జెట్ కేసు కొనేవారి ప్రణాళికకు సంబంధించింది, ల్యాంకోది లిక్విడేషన్. ఈ రెండింటినీ పట్టుకుని ఒక్కొక్క రిజల్యూషన్ ప్రొఫెషనల్ ఒక్కొక్క విధంగా నడుస్తున్నారు.

వసుధ గారికి తేడా ఎంత పడుతుందో నా మొదటి ఉదాహరణలోనే చూడండి. గ్రాట్యుటీ మెట్లకు బయట ఉంటే 1,99,500 మొత్తం వస్తుంది. బ్యాంకు పక్కన వరుసలో నిలబడితే రూపాయికి పావలా చొప్పున యాభై వేలకు కొంచెం తక్కువ. కాబట్టి రిజల్యూషన్ ప్రొఫెషనల్‌ను "గ్రాట్యుటీ నిధి ఉందా, ఉంటే ఎక్కడ, ఎంత?" అని ఈమెయిల్‌లో అడగండి. జవాబు రాతలో ఉండాలి.

అడ్వకేట్_భార్గవి | గురువారం, ఉదయం 7.40

లిక్విడేషన్‌కు ఒక న్యాయం, ప్రణాళికకు ఒక న్యాయం ఎలా ఉంటుంది? చట్టం పాటించి నిధి పెట్టిన కంపెనీలో కార్మికుడికి పూర్తి డబ్బు, చట్టం ఉల్లంఘించిన కంపెనీలో పావలానా? నేను ఈ వాదన వదులుకోను. కానీ ఈ రోజు ఇది తేలిన విషయం కాదని ఒప్పుకుంటాను.

నరేంద్ర_హెచ్ఎస్ఆర్ | గురువారం, ఉదయం 10.15

మాధవి గారూ, జాబితాలో వెతికాను. మా కంపెనీ పేరు లేదు. అయితే మేమే కేసు వేయవచ్చా? ఇరవై ఎనిమిది మందిమి ఉన్నాం. అందరి బాకీ కలిపితే 1 కోటి 10 లక్షల దాకా ఉంటుంది.

అడ్వకేట్_భార్గవి | గురువారం, ఉదయం 11.30

వేయవచ్చు. 2020 మార్చిలో కనీస బాకీని లక్ష నుంచి కోటికి పెంచారు. ఒంటరిగా మామూలు ఉద్యోగి ఆ గుమ్మం దాటడం కష్టం. సభ్యుల బాకీలు కలిపి కార్మిక సంఘం వేసిన దరఖాస్తును 2019లో సుప్రీంకోర్టు అనుమతించింది. సంఘం లేని ఉద్యోగులు కలిసి ఒకరికి అధికారం ఇచ్చి వేయడాన్ని కూడా ట్రిబ్యునళ్లు ఒప్పుకున్నాయి.

కానీ ఆగి ఆలోచించండి. మీ 1 కోటి 10 లక్షల్లో నోటీసు కాలపు జీతం ఎంత? దాని మీద కంపెనీ ముందే ఈమెయిల్‌లో వివాదం లేవదీసి ఉంటే ఆ భాగం నిలవకపోవచ్చు, అప్పుడు కోటి కిందికి జారతారు. ఇంకొకటి, ఆ కంపెనీకి అమ్మదగ్గ ఆస్తి ఏమి ఉంది? అద్దె భవనం, అద్దె ల్యాప్‌టాప్‌లు అయితే ఖర్చులు పోయాక పంచడానికి ఏమీ మిగలదు. బన్నేరుఘట్ట రోడ్డులో కార్మిక శాఖవారి కార్మిక భవన్ ఉంది, అక్కడి నుంచి మొదలుపెట్టండి. కంపెనీ ఖాతాలో ఇంకా డబ్బు ఉందని, డైరెక్టర్లు దాన్ని బయటకు తీస్తున్నారని అనుమానం ఉంటే మాత్రం ఎన్‌సీఎల్‌టీ దారిలో అర్థం ఉంది.

నరేంద్ర_హెచ్ఎస్ఆర్ | గురువారం, మధ్యాహ్నం 12.10

నేను కోడ్ రాసేవాణ్ణి, నా కింద ఎవరూ లేరు. సాంకేతిక పని అన్నారు కదా, నేను కార్మికుణ్ణేనా?

అడ్వకేట్_భార్గవి | గురువారం, మధ్యాహ్నం 12.40

నా దృష్టిలో అవును. ట్రిబ్యునల్ దృష్టిలో ఏమిటన్నది ఆయా ఉద్యోగి పనిని బట్టి వాదించి గెలుచుకోవలసిందే.

వసుధ_దాసరహళ్లి | గురువారం, రాత్రి 9.15

ఇంకో విషయం. ఈ రోజు రిజల్యూషన్ ప్రొఫెషనల్ కార్యాలయం నుంచి నాన్నగారికి ఫోను వచ్చింది. యంత్రాల విలువ కట్టడానికి మనుషులు వస్తున్నారట. యంత్రాలు శుభ్రం చేసి, నడిపి చూపించడానికి ఆరుగురు కావాలట, మూడు వారాల పని. నాన్నగారు వెళ్లాలా? మళ్లీ డబ్బు ఇవ్వకపోతే?

మాధవి_ఎం | గురువారం, రాత్రి 9.50

వెళ్లవచ్చు. ప్రక్రియ నడుస్తుండగా రిజల్యూషన్ ప్రొఫెషనల్ పిలిచి చేయించుకున్న పనికి జీతం ఖర్చుల్లోకి వెళుతుంది, అంటే అన్నిటికంటే పై మెట్టు. అక్కడ పావలా లెక్క లేదు. కానీ ఏబీజీ షిప్‌యార్డ్ కార్మికుల కేసులో 2022లో సుప్రీంకోర్టు పెట్టిన షరతు గుర్తుంచుకోండి. కంపెనీ నడుస్తూ ఉండి, కార్మికుడు ఆ కాలంలో నిజంగా పని చేసి ఉండాలి. ఉద్యోగంలోంచి తీసేయలేదు కాబట్టి జీతం నడుస్తోంది అంటే సరిపోదు. మార్చి నుంచి గేటు బయట ఉన్న నెలలకు ఈ పై మెట్టు దొరకదు.

మీ ఫ్యాక్టరీ మూతపడి ఉంది కాబట్టి రేపు ఎవరైనా కంపెనీ నడవడం లేదు కదా అని మెలిక పెట్టవచ్చు. అందుకే రోజుకు ఎంత, ఎన్ని రోజులు అని ముందే ఈమెయిల్‌లో రాయించుకోండి. వారం వారం చెల్లించమని అడగండి. లోపలికి వెళ్లిన ప్రతిరోజూ హాజరు పుస్తకంలో సంతకం పెట్టి, ఆ పేజీ ఫోటో తీసుకోవాలి.

శేషాద్రి_జాలహళ్లి | గురువారం, రాత్రి 10.20

అమ్మా, నేను నిన్న మీ ఫ్యాక్టరీ గేటు దగ్గరకు వెళ్లి వచ్చాను. అక్కడి టీ కొట్టు అతని దగ్గర పాత కార్మికుల ఫోను నంబర్లు చాలా ఉన్నాయి. పదకొండు మందితో మాట్లాడాను. శనివారం ఉదయం పది గంటలకు మా ఇంటి దగ్గర కూర్చుందాం. చీటీలు, పాస్‌బుక్‌లు తెచ్చుకోమన్నాను. 90 రోజుల గడువు గురించి మాధవి గారు చెప్పారు కాబట్టి శుక్రవారం దాటినవాళ్లవి కూడా నింపి పంపుదాం. మొదటి హక్కు మాట దగ్గర నేను పొరబడ్డాను. ఆ పదకొండు మందికి సరైన లెక్కే చెబుతాను.

ఇమ్రాన్_పీణ్య | శుక్రవారం, ఉదయం 8.00

నేను శనివారం వస్తాను సార్. నా ఫారం నిన్న రాత్రే పంపాను, కార్మికుడు అనే రాశాను. పదహారు జాబ్ కార్డుల ఫోటోలు పెట్టాను.

వసుధ_దాసరహళ్లి | శుక్రవారం, సాయంత్రం 6.30

నాన్నగారి ఫారం డి పంపాం. జీతం 1,54,000, గ్రాట్యుటీ 1,99,500, పీఎఫ్ 50,400, వేర్వేరు వరుసల్లో. మధ్యాహ్నం జవాబు వచ్చింది. అందిందని చెప్పి, నవంబరు జీతం చీటీ అడిగారు. ఆ నెల ఎవరికీ చీటీ ఇవ్వలేదు. నాన్నగారి హాజరు కార్డు ఉంది, దాని ఫోటో పంపాను, చాలుతుందేమో చూడాలి. గ్రాట్యుటీ నిధి గురించి అడిగిన ప్రశ్నకు మాత్రం ఇంకా జవాబు లేదు. సోమవారం మళ్లీ రాస్తాను. నాన్నగారు రేపు శేషాద్రి గారి ఇంటికి వస్తారు, ఆ మూడు వారాల పని షరతులు ఈమెయిల్‌లో వచ్చాకే గేటు లోపలికి వెళతానని ఫోనులో చెప్పేశారు.